అమ్మను పక్కకు తిప్పే రాత్రి మీద ఒక కవిత: నా అనుభవం

అమ్మకు పార్కిన్సన్స్ జబ్బు మొదలై చాలా ఏళ్లయింది. ఆ ఏళ్లన్నిటి గురించీ ఒక కవిత రాయాలని కూర్చున్నాను. చివరికి మిగిలింది ఒకే ఒక్క రాత్రి గురించిన కవిత. అలా తగ్గిపోవడం వల్లనే అది నిలబడిందని నా నమ్మకం. అలసటను దాచకుండా, ఎవరి జాలీ అడగకుండా రాయాలనేది మొదటి నుంచీ ఉన్న కోరిక. కోరిక ఉంటే సరిపోలేదు. ఏ వాక్యం ఎందుకు కొట్టేశానో, ఏది ఎందుకు ఉంచానో చెబితే ఆ సంగతి స్పష్టంగా తెలుస్తుంది.

ముడిసరుకు నా దగ్గర ముందే ఉంది, కానీ అది కవితకు పనికొస్తుందని తెలియదు. డాక్టరు మమ్మల్ని ఒక నోటుపుస్తకం పెట్టమన్నారు. మాత్ర ఎన్నింటికి వేశాం, ఎంతసేపటికి ఒళ్లు వదులైంది, మళ్లీ ఎప్పుడు బిగుసుకుంది, వణుకు ఎలా ఉంది, ఇవన్నీ గడులు గీసి రాయాలి. చివరి గడి పేరు 'ఇతర విషయాలు'. అందులో నేను రాసినవన్నీ పొట్టి పొట్టి మాటలు. 'గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోయాయి.' 'మింగడానికి చాలాసేపు పట్టింది.' 'రాత్రి పిలిచింది.' 'మళ్లీ పిలిచింది.' చాలా పేజీల్లో ఆ చివరి మాటే ఉంది.

అది ఎందుకు అన్నిసార్లు వచ్చిందో తెలియాలంటే ఈ జబ్బు రాత్రిపూట ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి. కదలికను నడిపించే డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేసే మెదడు కణాలు ఈ జబ్బులో క్రమంగా తగ్గిపోతాయి. లెవోడోపా మాత్ర వేస్తే అది మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. మొదటి ఏళ్లలో ఒక మాత్ర పనితనం చాలాసేపు ఉంటుంది. జబ్బు ముదిరేకొద్దీ ఆ గంటలు తగ్గుతూ వస్తాయి, తర్వాతి మాత్ర వేళ రాకముందే ఒళ్లు బిగుస్తుంది. పగలైతే మాత్రలు దగ్గర దగ్గరగా వేస్తాం. రాత్రి మాత్రల మధ్య ఎడం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలో తనకు తెలియకుండానే ఎన్నోసార్లు అటూ ఇటూ దొర్లుతాడు. అమ్మ దొర్లలేదు. పడుకోబెట్టిన వైపే ఉండిపోతుంది. నొప్పి మొదలయ్యాక మెలకువ వస్తుంది, పిలుస్తుంది. పిలవకపోయినా సుమారు 2 గంటలకోసారి తిప్పమని చెప్పారు, లేకపోతే తుంటి, మడమ, నడుం కింది ఎముక దగ్గర చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది.

అంటే నా అలసట ఎక్కడి నుంచి వచ్చిందో చాలా కచ్చితంగా చెప్పగలను. రాత్రి నిద్ర ముక్కలు ముక్కలు కావడం నుంచి వచ్చింది. కానీ కవిత అని రాయడం మొదలుపెట్టేసరికి ఆ కచ్చితత్వం అంతా ఎగిరిపోయింది. మొదటి ప్రతిలో కొన్ని పంక్తులు ఇవి:

కొవ్వొత్తిలా కరుగుతున్నాను
నీ మంచం చుట్టూ నా ఏళ్లు తిరుగుతున్నాయి
ఈ చీకటిలో నా గోడు ఎవరికి చెప్పుకోను
చిరునవ్వు కూడా ఇవ్వవు నువ్వు

ఇలాంటివే ఇంకా చాలా ఉన్నాయి. రాసినప్పుడు నిజంగానే ఏడుపు వచ్చింది, అందుకే ఇది మంచి కవిత అనుకున్నాను. వారాంతంలో అమ్మను చూసుకోవడానికి వచ్చే మా చెల్లెలికి చూపించాను. తను రెండుసార్లు చదివి, "అక్కా, ఇది చదివితే నీ మీద జాలి కలుగుతోంది. అమ్మ గురించి మాత్రం నాకు ఏమీ తెలియలేదు" అంది. తను నొప్పించాలని అనలేదు. నేను నొచ్చుకోనూ లేదు, ఎందుకంటే ఆ మాట పట్టుకుని పంక్తులను చూస్తే తేడా ఇట్టే కనిపించింది. ప్రతి పంక్తీ పాఠకుడి దగ్గర ఏదో ఒకటి అడుగుతోంది. ఒకటి మెచ్చుకోమంటోంది, ఒకటి ఓదార్చమంటోంది, చివరిదైతే అమ్మ మీద ఫిర్యాదు చేస్తోంది.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఆ గదిలో మూలన ఎవరైనా నిలబడి ఉంటే ఈ పంక్తిలో ఉన్నది వారికి కనిపిస్తుందా, వినిపిస్తుందా? కనిపించకపోతే ఆ పంక్తి పోవాలి. కొవ్వొత్తి పోయింది. తిరిగే ఏళ్లు పోయాయి. గోడు పోయింది. 'చాలా అలసిపోయాను' అనే పంక్తి కూడా పోయింది, అది అబద్ధం కాకపోయినా సరే. అలా తీసేస్తే కవితలో అలసటే లేకుండా పోతుందేమోనని భయం వేసింది. ఇంట్లో రోగిని చూసుకోవడం గురించిన కవితల్లో నాకు నచ్చని రెండో రకం అదే. అందులో అంతా ప్రేమే, ఎవరికీ నడుం నొప్పి రాదు, ఎవరూ విసుక్కోరు. అది చదివిన మనిషి తన ఇంట్లో తను చేస్తున్నది తప్పేమోనని కుంగిపోతాడు.

అందుకని అలసట కంటికి ఎలా కనిపిస్తుందో వెతకడం మొదలుపెట్టాను. నోటుపుస్తకం తిరగేశాను. ఒకచోట ఒకే మాత్రకు రెండు టిక్కులు ఉన్నాయి, అంటే వేశానో లేదో గుర్తులేక వచ్చి మళ్లీ గుర్తు పెట్టాను. ఒకచోట గడిలో వేళ ఉంది, పక్కన ఏమీ లేదు. ఒకచోట అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి. ఇవి చూస్తుంటే ఒక రాత్రి సంగతి గుర్తొచ్చింది. దుప్పటి కింద అమ్మ చర్మం చూడటానికి టార్చి కావాలి. దిండు కింద, బల్ల మీద, నేల మీద వెతుకుతున్నాను. అది నా చేతిలోనే వెలుగుతోంది. ఆ వెలుతురులోనే దాన్ని వెతుకుతున్నాను. ఇది రాసి చూస్తే మూడు పంక్తులైంది. 'అలసిపోయాను' అనే మాట అక్కర్లేకుండానే గదిలో మూలన నిలబడ్డ మనిషికి కూడా నా స్థితి తెలిసిపోతుంది. పైగా అది ఎవరినీ ఏమీ అడగదు.

చిరునవ్వు గురించిన పంక్తిని ఇంకో కారణంతో తీసేశాను. అది నిజం కాదు. ఈ జబ్బులో ముఖంలోని కండరాలు కూడా బిగుసుకుంటాయి. రెప్ప కొట్టడం తగ్గుతుంది, లోపల ఏమనిపించినా ముఖం మీదికి రాదు. అమ్మ నవ్వు ఇవ్వకపోవడం లేదు, ఆ నవ్వును బయటికి తెచ్చే కండరం కదలడం లేదు. నాకు ఇది తెలుసు, డాక్టరు మొదట్లోనే చెప్పారు. తెలిసి కూడా కవితలో అలా రాశానంటే, ఆ క్షణంలో నాకు అమ్మ కంటే నా బాధే ముఖ్యమైందన్నమాట. అప్పటి నుంచి ప్రతి పంక్తినీ జబ్బు గురించి తెలిసిన విషయంతో సరిచూసుకోవడం అలవాటైంది. తన మీద తాను జాలిపడే పంక్తి చాలాసార్లు వాస్తవంగా కూడా తప్పే అవుతుందని నాకు ఈ కవితలోనే తెలిసింది.

చర్మం చూసే పంక్తి దీనికి మరో ఉదాహరణ. పుండు మొదలవుతోందా అని చూడటానికి చర్మం ఎర్రబడిందా అని చూస్తారు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకుండా అలాగే ఉండిపోతే లోపల దెబ్బ మొదలైందని అర్థం. నేనూ కవితలో 'ఎర్రటి మచ్చ' అనే రాశాను. కానీ మా అమ్మ చామనఛాయ కాదు, నలుపు. తన తుంటి మీద ఎరుపు కనిపించదు. ముదురు రంగు చర్మం మీద ఆ చోటు చుట్టుపక్కల కంటే ఇంకా నల్లబడవచ్చు, లేదా ఊదారంగు తిరగవచ్చు. అన్నిటికంటే బాగా తెలిసేది చేత్తోనే. ఆ చోటు మిగతా ఒంటికంటే వెచ్చగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా అని తడిమి చూడాలి. నేను రోజూ చేసేది అదే. చెయ్యి తిరగేసి, వేళ్ల వెనక భాగం ఆనిస్తాను. మరి కవితలో ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడో చదివిన దాంట్లోంచి వచ్చింది. దాన్ని తీసేసి నా చెయ్యి చేసే పని పెట్టాను. అంతవరకు ఆ పంక్తి ఎవరి తల్లి గురించైనా కావచ్చు, అప్పటి నుంచి అది మా అమ్మది.

ఇక ఛందస్సు సంగతి. నాకు చిన్నప్పటి నుంచి ముత్యాలసరం ఇష్టం. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, నాలుగు, అలా ఊగుతూ నడిచే నడక అది. అందులో రాసి చూశాను:

రాతిరంతా మేలుకొంటిని
కంటిమీదికి కునుకు రాదే

మాత్రలు సరిపోయాయి, చెవికి హాయిగానూ ఉంది. చిక్కు అక్కడే ఉంది. ఆ ఊపు వినేవాడిని జోకొడుతుంది. నా రాత్రి ఊపుతో నడవలేదు. లేవడం, ఆగడం, పట్టుకోవడం, మళ్లీ ఆగడం, ఇలా సాగింది. పైగా రెండో పంక్తి చూడండి. 'రాదే' అన్న దీర్ఘం నడక కోసం వచ్చింది, వస్తూ వస్తూ ఏడుపు తెచ్చింది. నిజానికి కునుకు రాకపోవడం నా బాధే కాదు. కునుకు ముంచుకొస్తుంది, లేవాల్సి రావడం బాధ. ఛందస్సు మంచిదే, ఈ పనికి కాదు. వచన కవితకు మళ్లాను. ఒక్కో పనికి ఒక్కో పంక్తి, పని ఆగినచోట పంక్తి ఆగాలి అనుకున్నాను.

ఆ దారిలో ఒక పోకడకు పోయి వెనక్కి వచ్చాను. ఈ జబ్బులో చేతిరాత కూడా చిన్నదవుతుంది. అమ్మ సంతకం మొదటి అక్షరం మామూలుగా ఉండి, చివరికి వచ్చేసరికి చీమంత అవుతుంది. కవితలో పంక్తులు కూడా అలాగే కురచవుతూ పోయి ఒక్క అక్షరంతో ముగిస్తే బాగుంటుందనిపించింది. రాస్తే చూడటానికి అందంగానే వచ్చింది. కానీ చదివేవాడు అమ్మను వదిలేసి ఆ ఆకారాన్ని మెచ్చుకుంటాడు. తీసేశాను.

అన్నిటికంటే ఎక్కువసేపు నన్ను నిలబెట్టింది పిలుపు గురించిన పంక్తి. అమ్మ గొంతు ఇప్పుడు చాలా సన్నం, పక్క గదిలోకి కూడా వినపడదు, అందుకే నేను అదే గదిలో పడుకుంటాను. పిలిస్తే తప్పకుండా వినపడుతుంది. కొన్ని రాత్రులు విని కూడా వెంటనే లేవలేదు. కాసేపు అలాగే పడుకున్నాను. అలసట గురించి నిజం రాస్తానన్నప్పుడు ఇది లేకుండా రాయడం కుదరదు. రాయడం కష్టం కాలేదు, రాశాక దాని పక్కన ఏం పెట్టాలన్నదే కష్టమైంది. ఒక ప్రతిలో 'క్షమించు అమ్మా' అని పెట్టాను. ఇంకోదానిలో నా నడుం నొప్పి గురించి, ఆ రోజు పడ్డ చాకిరి గురించి రెండు పంక్తులు పెట్టాను. రెండూ చదివి చూసుకుంటే ఒకే పని చేస్తున్నాయి. క్షమించమనడం పాఠకుడి చేత 'పాపం, ఎంత మంచి కూతురో' అనిపించడానికి. సంజాయిషీ 'పాపం, ఎంత కష్టమో' అనిపించడానికి. దేనికి దారి తీసినా చివర ఉండేది నేనే. రెండూ కొట్టేశాను. విన్నాను, పడుకునే ఉన్నాను, తర్వాత లేచాను. అంతే ఉంచి పనిలోకి వెళ్లిపోయాను.

పని అంటే తిప్పడం. దీన్ని నాకు ఫిజియోథెరపిస్ట్ నేర్పారు. రోగి ఎటువైపు తిరగాలో ఆ వైపు మనం నిలబడాలి. అవతలి మోకాలు మడిచి పాదం పరుపు మీద ఆనించాలి. ఒక అరచేయి అవతలి భుజం వెనక, రెండోది తుంటి వెనక పెట్టాలి. చేతులతో లాగకూడదు. మన మోకాళ్లు కొంచెం వంచి, మన బరువును వెనక్కి వేస్తే మనిషి మన వైపు దొర్లుతుంది. పరుపు మీద ఈడిస్తే చర్మం ఒరుసుకుని పుండుకు అదే మొదలవుతుంది. తిరిగాక పూర్తిగా పక్కకు కాకుండా సుమారు 30 డిగ్రీల వాలులో ఉండేలా వీపు వెనక దిండు పెట్టాలి, అప్పుడు తుంటి ఎముక మీద బరువంతా పడదు. మోకాళ్ల మధ్య ఒక దిండు. పిక్కల కింద ఒకటి, మడమలు పరుపుకు తగలకుండా. కొన్నాళ్లకు చేతులకు ఇవన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. కవిత కోసం మళ్లీ ఒక్కొక్కటి విడదీసి చూడాల్సి వచ్చింది. ఆ పంక్తుల్లో నా మనసు గురించి ఒక్క మాట లేదు, అయినా మొత్తం కవితలో అమ్మకు నేను అంత దగ్గరగా వచ్చింది అక్కడే.

తిప్పే ముందు లెక్కపెడతాం. ఒకటి, రెండు, మూడు. మూడు అన్నప్పుడు కదలాలి. ఇది ఊరికే చేసేది కాదు. ఈ జబ్బులో కదలిక మొదలుపెట్టడమే కష్టం, బయటి నుంచి ఒక తాళం వినపడితే శరీరం అందుకుంటుంది. నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోయినప్పుడు కూడా లెక్కపెడితేనో, నేల మీద గీత చూపించి దాటమంటేనో అడుగు పడుతుంది. ఈ లెక్క దొరికాక కవితకు వెన్నెముక దొరికినట్టయింది. అంతవరకు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియని పంక్తులు ఆ మూడు అంకెల చుట్టూ కుదురుకున్నాయి.

ప్రతి దాదాపు సిద్ధమయ్యాక అమ్మకు చదివి వినిపించాలనుకున్నాను. తన ఒంటి గురించి, తన తుంటి గురించి, తన మంచం గురించి రాసింది, తనకు తెలియకుండా ఇంకొకరికి చూపించే హక్కు నాకు లేదు. మాత్ర వేసిన గంట తర్వాత, మాట కొంచెం తేలిగ్గా వచ్చే వేళ చూసి, పక్కన కూర్చుని చదివాను. అమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. అది ఉండదని తెలుసు కనుక ఎదురుచూడలేదు. చాలాసేపటికి అంది:

"మూడు నేను కదా అనేది."

నేను అర్థం కాక చూశాను. "ఒకటి, రెండు నువ్వంటావు. మూడు నేనంటాను. నువ్వేమో మూడూ నీవే రాసుకున్నావు."

నిజమే. నా ప్రతిలో లెక్క మొత్తం నేనే పెట్టాను. కవితంతా నేను మడిచాను, నేను పట్టుకున్నాను, నేను తిప్పాను. అమ్మ ఆ పనిలో ఒక వస్తువులా ఉంది. గొంతు రానప్పుడు కూడా మూడు దగ్గర తన పెదవి కదులుతుంది, తనకు చేతనైనంత భుజం అందిస్తుంది. నా మీద బరువంతా పడకుండా చూస్తున్న మనిషి తను. ఆ బరువు పంచుకోవడం కవితలో లేకపోతే, పని మొత్తం నేనొక్కదాన్నే మోస్తున్నట్టు అవుతుంది. జాలి మళ్లీ ఆ సందులోంచే దూరుతుంది. ఆ ఒక్క మార్పుతో 'తిప్పాను' అన్న చోటల్లా 'తిరిగింది' వచ్చింది.

తర్వాత కాసేపు ఆగి, పిలుపు గురించి అడిగింది. "రెండోసారి ఎందుకు పిలవలేదనుకున్నావు?"

"గొంతు రాలేదనుకున్నాను అమ్మా."

"వచ్చింది. కాసేపు పడుకోనిద్దామని."

ఆ మాట విని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. తర్వాత చాలా రోజులు ఆ మాటను కవితలో పెట్టాలా వద్దా అని తర్కించుకున్నాను. పెడితే కవిత చదివిన ప్రతివాడికీ కళ్లు చెమ్మగిల్లుతాయి, అది నాకు తెలుసు. కానీ అప్పుడు కవిత అమ్మ గొప్పతనం గురించినది అయిపోతుంది, నేను లేవకపోవడానికి క్షమాపణ కూడా దొరికిపోతుంది. ఆ రాత్రి నాకు ఆ సంగతి తెలియదు. తెలియకుండానే లేచాను. అందుకని 'రెండోసారి పిలవలేదు' అన్న పంక్తిని ఉన్నదున్నట్టు వదిలేశాను. ఆ పంక్తిలో ఏముందో మా ఇద్దరికీ తెలుసు.

ముగింపు దగ్గర మొదట్లో తెల్లవారడం ఉండేది. కిటికీలో వెలుతురు, పక్షులు, అన్నీ ఉండేవి. అది ఏదో గట్టెక్కినట్టు, రాత్రికి ఫలం దక్కినట్టు అనిపిస్తుంది. ఈ జబ్బు అలా గట్టెక్కదు. మర్నాటి రాత్రి ఇలాగే ఉంటుంది, వచ్చే ఏడాది ఇంతకంటే కష్టంగా ఉండవచ్చు. కాబట్టి మూడోసారి తిప్పడం దగ్గరే ఆపాను. ఇప్పుడు కవిత ఇలా ఉంది:

పన్నెండున్నరకు పిలిచింది.
విన్నాను.
వినలేదనుకుంటుందిలే అని
పడుకునే ఉన్నాను కాసేపు.
రెండోసారి పిలవలేదు.
లేచాను.

అవతలి మోకాలు మడిచాను.
ఒక అరచేయి భుజం వెనక
ఒకటి తుంటి వెనక.
ఒకటి, అన్నాను.
రెండు, అన్నాను.
మూడు అమ్మ అంది.
గొంతు రాలేదు, పెదవి కదిలింది.
తిరిగింది.

టార్చి కోసం వెతికాను
దిండు కింద, బల్ల మీద, నేల మీద.
నా చేతిలోనే వెలుగుతోంది.

పడుకున్న వైపు తుంటి మీద
చెయ్యి తిరగేసి ఆనించాను.
మిగతా ఒంటికంటే వెచ్చగా ఉందా?
లేదు.
వీపు వెనక దిండు
మోకాళ్ల మధ్య దిండు
పిక్కల కింద దిండు
మడమల కింద ఏమీ లేదు.

రెండున్నరకు
పిలవకముందే మెలకువ వచ్చింది.
అమ్మ నిద్రపోతోంది.
తిప్పాలంటే లేపాలి.
లేపాలంటే లేవాలి.
రెండూ చేశాను
విసుక్కుంటూ.
ఒకటి, రెండు,
మూడు.

నాలుగున్నరకు
ఒకటి, అన్నాను.
రెండు తను అంది.
మూడు ఎవరం అన్నామో తెలియదు.
తిరిగింది.

'విసుక్కుంటూ' అన్న మాట దగ్గర చెల్లెలికీ నాకూ ఇంకా కుదరలేదు. మూలన నిలబడ్డ మనిషి పరీక్షను నేనే తప్పానని, విసుగు మనసులోది కాబట్టి అది ఉండకూడదని తను అంటుంది. విసుగు చేతుల్లో కనిపిస్తుందని, దుప్పటి లాగే తీరులోనే తెలిసిపోతుందని నేనంటాను. అలాగైతే దుప్పటి గురించే రాయమంటుంది. అలా రాసి చూశాను, ఆ చోట కవిత ఆగిపోయి దుప్పటి వైపు చూస్తోంది. రెండున్నర గంటలకు చూడటానికి ఓపిక ఉండదు, పని ఒక్కటే ఉంటుంది. అందుకే ఆ ఒక్క మాటను ప్రస్తుతానికి ఉంచాను. అమ్మను అడిగితే, "ఉండనీ, విసుక్కుంటావుగా" అంది.

శీర్షిక మీద మాత్రం ముగ్గురం ఒప్పుకున్నాం. మొదట 'అమ్మ' అని పెట్టాను. ఆ పేరు చూడగానే చదివేవాళ్లు తమకు తెలిసిన అమ్మల కవితలన్నీ గుర్తు తెచ్చుకుని, ఇది చదవకముందే కరిగిపోవడానికి సిద్ధపడతారు. దాన్ని మార్చి 'పక్క తిప్పడం' అని పెట్టాం. ఇప్పుడు రాయాల్సింది పగటి గురించి, గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోవడం గురించి. దానికి కావలసినవన్నీ అదే నోటుపుస్తకంలో, అదే చివరి గడిలో ఉన్నాయి.